వరసకు రెండేసి సీట్లు పెరిగే ఆడిటోరియం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ పేజీలో మొదటి నుంచి చివరి దాకా ఒకే హాలును పట్టుకుని మాట్లాడుకుందాం. వేదికకు దగ్గరగా ఉన్న మొదటి వరసలో 18 సీట్లు ఉన్నాయి. వెనక్కి వెళ్లేకొద్దీ వరసకు రెండేసి పెరుగుతూ 18, 20, 22, 24 అలా సాగుతాయి. మొత్తం 25 వరసలు. అక్కడక్కడ అంకెలు మార్చి చూస్తాం గానీ, ఆ తర్వాత మళ్లీ ఈ హాలులోకే వస్తాం.

ఈ హాలులో మొత్తం ఎన్ని సీట్లు?

1050. చివరి వరసలో 66 సీట్లు ఉంటాయి. వరసకు సగటున 42 పడతాయి. 25 వరసలు కాబట్టి 25 × 42 = 1050.

సూత్రం ఏదీ గుర్తు లేదు. మామూలు బుద్ధితో చేయొచ్చా?

చేయొచ్చు. నన్నడిగితే మొదట అలాగే చేయాలి, సూత్రం తర్వాత చూసుకోవచ్చు.

హాలును పక్కన నిలబడి చూస్తున్నట్టు ఊహించుకోండి. ముందు వరసలు పొట్టివి, వెనక వరసలు పొడవైనవి. సరిగ్గా మధ్యలో ఉన్నది 13వ వరస. దానికి ముందు 12 వరసలు, వెనక 12 వరసలు ఉన్నాయి. మొదటి వరస నుంచి 13వ వరసకు రావాలంటే 12 సార్లు రెండేసి పెరగాలి, అంటే 18 + 24 = 42 సీట్లు.

ఇప్పుడు 12వ వరసను, 14వ వరసను జతగా చూడండి. ఒకదానిలో 40, మరోదానిలో 44. వెనక వరసలో ఎక్కువైన రెండు సీట్లను తీసి ముందు వరసలో వేస్తే రెండూ 42 అవుతాయి. 11వ వరసలో 38, 15వ వరసలో 46. ఇక్కడ నాలుగు సీట్లు జరిపితే సరిపోతుంది. ఇలా జతలు జతలుగా బయటికి పోతూ ఉంటే చివరకు మొదటి వరస, 25వ వరస మిగులుతాయి. 25వ వరసలోని 66 నుంచి 24 తీసి మొదటి వరసలోని 18కి కలిపితే రెండూ 42 అవుతాయి.

ఒక్క సీటు కూడా హాలు బయటికి పోలేదు, బయటి నుంచి రాలేదు. అయినా ఇప్పుడు ప్రతి వరసలో 42 ఉన్నాయి. 25 వరసలు ఇంటూ 42. అయిపోయింది.

పాఠ్యపుస్తకంలో సూత్రం వేరేలా ఉంటుంది కదా?

పైకి వేరుగా కనిపిస్తుంది, లోపల ఇదే. అంకశ్రేఢిలో మొదటి పదం a, పదాంతరం d, పదాల సంఖ్య n అయితే మొత్తం

S = (n/2) × [2a + (n − 1)d]

మన హాలులో పదాంతరం 2. d స్థానంలో 2 పెడితే బ్రాకెట్‌లో 2a + 2(n − 1) మిగులుతుంది. బయట ఉన్న సగం, లోపల ఉన్న రెండు కొట్టేసుకుంటాయి. మిగిలేది ఇంతే:

S = n(a + n − 1)

అంటే వరసల సంఖ్యను, మొదటి వరసకు వరసల సంఖ్యలో ఒకటి తక్కువ కలిపి వచ్చినదానితో గుణించాలి. 25 × (18 + 24). ఆ 18 + 24 అనేది ఇందాక మనం 13వ వరసలో చూసిన 42 తప్ప మరొకటి కాదు. పదాంతరం సరిగ్గా రెండు కావడం వల్లే భిన్నాలు లేకుండా లెక్క ఇంత పొందికగా వస్తుంది. వరసకు మూడేసి పెరిగే హాలుకు ఈ చిన్న సూత్రం పనికిరాదు, అక్కడ పుస్తకంలో ఉన్న పెద్ద సూత్రాన్నే వాడాలి.

25వ వరసలో 18 + 2 × 25 = 68 సీట్లు ఉండాలి కదా?

ఉండవు, 66 ఉంటాయి. ఈ లెక్కలో అందరికంటే ఎక్కువ మందిని పడగొట్టే చోటు ఇదే.

మొదటి వరసలో పెరుగుదల ఇంకా మొదలే కాలేదు. అక్కడ ఉన్నవి ఉత్త 18. రెండో వరసకు వచ్చేసరికి ఒకసారి పెరిగింది, మూడో వరసకు రెండుసార్లు. ఈ లెక్కన 25వ వరసకు చేరేసరికి 24 సార్లే పెరిగి ఉంటుంది. వరసలు 25 ఉన్నా వాటి మధ్య ఎడాలు 24 మాత్రమే. రెండు సీట్లు చేరేది ఎడం దాటినప్పుడు, వరసను లెక్కపెట్టినప్పుడు కాదు.

అనుమానం వస్తే మీరు రాసుకున్న సూత్రంలో n = 1 పెట్టి చూడండి. మొదటి వరసకు 18 రావాలి. 18 + 2n అని రాసుకుని ఉంటే 20 వస్తుంది, తప్పు అక్కడికక్కడే దొరికిపోతుంది. 18 + 2(n − 1) అయితే 18 వస్తుంది. లెక్కంతా చేశాక తల పట్టుకోవడం కంటే మొదట్లోనే ఈ ఒక్క పరీక్ష పెట్టుకోవడం తేలిక.

నా జవాబు 1050 రాలేదు. ఎక్కడ తప్పానో ఎలా తెలుస్తుంది?

తప్పు జవాబును పారేయకండి, అదే దారి చూపిస్తుంది.

1075 వచ్చిందంటే పైన చెప్పిన పొరపాటే జరిగింది. 24 బదులు 25 కలిపారు, 25 × (18 + 25) చేశారు. అప్పుడు ప్రతి వరసలో సగటున ఒక సీటు ఎక్కువ లెక్కపెట్టినట్టు అవుతుంది కాబట్టి తేడా సరిగ్గా వరసల సంఖ్య అంత ఉంటుంది. అంకెలు ఏవైనా సరే, అసలు జవాబుకు మీ జవాబుకు మధ్య తేడా వరసల సంఖ్యతో సమానమైతే మొదట అనుమానించాల్సింది దీన్నే.

2100 వచ్చిందంటే మొదటి, చివరి వరసలను కూడి 84 తెచ్చుకుని, దాన్ని సగం చేయకుండానే 25తో గుణించారు. 1650 వచ్చిందంటే లెక్క తప్పలేదు గానీ ప్రశ్నను వేరేగా చదివారు. వరసకు రెండు చివర్లా రెండేసి సీట్లు, అంటే మొత్తం నాలుగు పెరుగుతాయనుకున్నారు. మన హాలులో ఒక్కో చివర ఒకటే పెరుగుతుంది, రెండు చివర్లూ కలిపి రెండు.

ఇక ‘రెండు ఎక్కువ’ అన్నదాన్ని ‘రెండు రెట్లు’ అని చదివినవాళ్లకు 25వ వరస ఒక్కదానిలోనే 30,19,89,888 సీట్లు వస్తాయి. ముప్పై కోట్ల సీట్ల వరస చూశాక ఎవరైనా ప్రశ్నను మళ్లీ చదువుతారు.

ఇంకో చిన్న కిటుకు కూడా ఉంది. మొదటి వరసలో సరి సంఖ్య ఉంటే ప్రతి వరసలోనూ సరి సంఖ్యే ఉంటుంది, కాబట్టి మొత్తం ఎప్పుడూ సరి సంఖ్యే. ఈ హాలుకు ఎవరైనా బేసి జవాబు చెబితే, లెక్క చూడకుండానే అది తప్పని చెప్పేయొచ్చు.

వరసలు సరి సంఖ్యలో ఉంటే మధ్య వరస ఉండదు కదా, అప్పుడెలా?

చివరి వరసను తీసేసి 24 వరసలే ఉన్నాయనుకుందాం. సరిగ్గా మధ్యలో ఏ వరసా లేదు. 12వ వరస 40, 13వ వరస 42. వాటి సగటు 41. కాబట్టి 24 × 41 = 984. సరిచూసుకోవాలంటే 1050 నుంచి 66 తీసేయండి, 984 వస్తుంది.

హాలు మొత్తం తిరిగినా 41 సీట్లున్న వరస మీకు ఒక్కటీ దొరకదు, ఎందుకంటే ఇక్కడ అన్నీ సరి సంఖ్యలే. సగటు అనేది ఏదో ఒక వరసలో కనిపించి తీరాలనే నియమం లేదు. సూత్రం మాత్రం మారదు: 18 + 23 = 41.

11వ వరస నుంచి 20వ వరస దాకా మాత్రమే కావాలంటే?

20 వరసల మొత్తంలోంచి మొదటి 10 వరసల మొత్తం తీసేయాలి. 20 × 37 = 740. 10 × 27 = 270. తేడా 470.

ఇక్కడ చాలామంది 11 వరసల మొత్తాన్ని తీసేస్తారు. ‘11 నుంచి’ అని ప్రశ్నలో ఉంది కదా అని చేయి అటే పోతుంది. 11 వరసల మొత్తం 308 కాబట్టి జవాబు 432 వస్తుంది. మనకు కావలసిన 11వ వరసే ఎగిరిపోయింది, అందుకే సరిగ్గా దాని 38 సీట్లు తగ్గాయి.

తీసివేత వద్దనుకుంటే ఆ పది వరసలనే ఒక చిన్న హాలుగా చూడండి. మొదటి వరస 38, వరసలు 10. అప్పుడు 10 × (38 + 9) = 470. నాకు ఈ దారే సుఖంగా అనిపిస్తుంది, పొరపాటుకు చోటు తక్కువ.

800 సీట్లు కావాలి. ఎన్ని వరసలు వేయాలి?

ఇప్పటిదాకా వరసలు తెలుసు, మొత్తం వెతికాం. ఇది తిరగేసిన ప్రశ్న. నా దృష్టిలో అసలు రుచి ఇక్కడే ఉంది.

మొత్తం n(n + 17). అది 800 కావాలి. అంటే ఒకదానికంటే మరొకటి 17 ఎక్కువ ఉండే రెండు సంఖ్యల లబ్ధం 800 కావాలి. అంచనాతోనే దగ్గరికి వెళ్లొచ్చు. 20 × 37 = 740, చాలదు. 21 × 38 = 798, ఇంకా రెండు తక్కువ. 22 × 39 = 858, ఎక్కువైంది. కాబట్టి 21 వరసలతో 798 సీట్లు వస్తాయి, కచ్చితంగా 800 అయితే ఏ వరసల సంఖ్యకూ రాదు.

వర్గ సమీకరణంతో చేస్తే n² + 17n − 800 = 0. దీని నుంచి

n = (−17 + √(289 + 3200)) / 2

లోపల ఉన్నది 3489, దాని వర్గమూలం సుమారు 59.07. అప్పుడు n సుమారు 21.03. ఇక్కడ ఆగి ఆలోచించాలి. 21.03 వచ్చింది కదా అని 21కి సవరించి రాసేస్తే రెండు సీట్లు తగ్గుతాయి. ‘కనీసం 800 మంది కూర్చోవాలి’ అన్నది షరతైతే 22 వరసలు వేయాలి, మిగిలిన 58 సీట్లు అదనం. ‘800 మించకూడదు’ అన్నది షరతైతే 21తో ఆపాలి. రెండు సీట్ల కోసం ఒక పూర్తి వరస వేయడం వృథా అనుకుంటే, 21 వరసలు వేసి పక్కన రెండు విడి కుర్చీలు వేసుకోమంటాను. దశాంశం ఎంత చిన్నదైనా దాన్ని పైకి లాగాలా కిందికి దించాలా అన్నది ప్రశ్న చెప్పాలి, క్యాలిక్యులేటర్ చెప్పదు.

ఆ వర్గమూలంలో మరో విషయం దాగి ఉంది. మొత్తం సరిగ్గా సరిపోయినప్పుడు వర్గమూలం పూర్ణసంఖ్య అవుతుంది, అది ఎప్పుడూ చివరి వరస కంటే ఒకటి ఎక్కువ. 1050కి చేసి చూడండి. 289 + 4200 = 4489, దాని వర్గమూలం 67. చివరి వరస 66. కాకతాళీయం కాదు. వర్గమూలం విలువ 2n + a − 1, చివరి వరస 2n + a − 2. కాబట్టి ఎవరైనా ఒక మొత్తం చెప్పి ‘ఈ హాలుకు ఇది కుదురుతుందా’ అని అడిగితే, నాలుగు రెట్లు చేసి 289 కలిపి పూర్ణవర్గమో కాదో చూస్తే చాలు. పూర్ణవర్గమైతే చివరి వరసలో ఎన్ని సీట్లో కూడా అదే చెప్పేస్తుంది.

ఈ తిరగేసిన ప్రశ్న కొత్తదేమీ కాదు. ఆర్యభటుడు 499లోనే శ్రేఢి మొత్తం కట్టే పద్ధతి చెప్పి, ఆ వెంటనే మొత్తం నుంచి పదాల సంఖ్యను వర్గమూలంతో రాబట్టే పద్ధతీ చెప్పాడు.

సమీకరణానికి రెండో జవాబు రుణ సంఖ్య వస్తుంది. దాన్ని ఊరికే వదిలేయడమేనా?

హాలు లెక్కకు వదిలేయాల్సిందే, మైనస్ వరసలు వేయలేం కదా. కానీ అది ఏమిటో తెలుసుకుంటే బాగుంటుంది. 1050కి రెండు జవాబులు 25, −42. రెండోదాని గుర్తు తీసేస్తే 42, అంటే మన సగటు వరస. లబ్ధం 25 × 42 కాబట్టి ఒక కారణాంకం వరసల సంఖ్యగా వస్తే, రెండోది మైనస్ గుర్తు తగిలించుకుని వస్తుంది. అంటే ఆ రుణ జవాబుతో లెక్కను సరిచూసుకోవచ్చు.

మొత్తం, వరసల సంఖ్య తెలుసు. మొదటి వరసలో ఎన్ని ఉండాలి?

ఇది అన్నింటికంటే తేలిక. మొత్తాన్ని వరసలతో భాగించి, వరసల సంఖ్యలో ఒకటి తక్కువ తీసేయండి. 20 వరసల్లో 700 సీట్లు అనుకుందాం. సగటు 35, అందులోంచి 19 తీస్తే 16. మొదటి వరస 16, చివరి వరస 54, రెండింటి సగటు మళ్లీ 35.

భాగహారంలో శేషం మిగిలితే ఇక ముందుకు పోవద్దు. వరసకు రెండేసి పెరిగే హాలులో మొత్తం ఎప్పుడూ వరసల సంఖ్యతో నిశ్శేషంగా భాగించబడాలి. 20 వరసలు, 710 సీట్లు అని ఎవరైనా అంటే వాళ్లు చెప్పిన అంకెల్లో ఏదో ఒకటి తప్పు. లేదంటే హాలులో ఎక్కడో కొన్ని సీట్లు తీసేసి ఉండాలి.

మొదటి వరసలో బేసి సంఖ్య ఉంటే లెక్క మారుతుందా?

సూత్రం మారదు, బొమ్మ మాత్రం అందంగా మారుతుంది. మొదటి వరసలో ఒకే సీటు ఉండి 1, 3, 5, 7 అని పెరిగితే మొత్తాలు 1, 4, 9, 16 వస్తాయి. అంటే n వరసలకు n².

మొదటి వరస 15 అయితే? 1 నుంచి 13 దాకా ఉండాల్సిన మొదటి ఏడు వరసలు హాలులో లేవని అనుకోండి. ఆ ఏడు వరసలూ ఉండి ఉంటే మొత్తం 32 వరసలు, 32² = 1024 సీట్లు అయ్యేవి. లేనివి 7² = 49. తేడా 975. సూత్రంతో చూసినా 25 × (15 + 24) = 975. బేసి సంఖ్యతో మొదలయ్యే ప్రతి హాలూ రెండు వర్గాల తేడాయే. వర్గాలు నోటికి వచ్చినవాళ్లు కాగితం లేకుండానే చెప్పేస్తారు.

నడవలు, సౌండ్ డెస్క్, వీల్‌చైర్ల జాగా వల్ల తగ్గిన సీట్ల సంగతేంటి?

తగ్గుదల ఎలా ఉందో చూడాలి. ప్రతి వరసలోనూ ఒకే సంఖ్యలో తగ్గితే శ్రేఢి చెడదు. వేదిక నుంచి వెనక గోడ దాకా రెండు నడవలు ఉండి, ఒక్కో నడవ వరసకు రెండేసి సీట్లు మింగిందనుకుందాం. ప్రతి వరసలో నాలుగు తగ్గాయి. మొదటి వరస 14 అయింది, పెరుగుదల మాత్రం రెండే. 25 × (14 + 24) = 950. లేదా 1050 నుంచి 25 × 4 తీసేయండి, అదే వస్తుంది.

తగ్గుదల కొన్ని వరసల్లోనే ఉంటే, వెనకవైపు మూడు వరసల్లో సౌండ్ డెస్క్ కోసం ఆరేసి సీట్లు తీసేసినట్టు, శ్రేఢిని ముట్టుకోవద్దు. మొదట పూర్తి హాలుకు 1050 కట్టి, ఆ తర్వాత 18 తీసేయండి. రెండూ ఒకేసారి చేయబోతే లెక్క చిక్కుపడుతుంది. బాల్కనీ ఉంటే అది వేరే హాలు కింద లెక్క. దాని మొదటి వరస కొత్త అంకెతో మొదలవుతుంది కాబట్టి విడిగా కట్టి చివర్లో కలపాలి.

వరసలకు అంకెలు కాకుండా అక్షరాలు ఉన్నాయి. ‘కె’ వరస ఎన్నోది?

ఇంగ్లిష్ వర్ణమాలలో ‘కె’ పదకొండో అక్షరం. కానీ చాలా హాళ్లలో ‘ఐ’ని, ‘ఓ’ని వదిలేస్తారు. ఒకటి 1లా, మరొకటి 0లా కనిపించి టికెట్ మీద గందరగోళం అవుతుందని. అలాంటి హాలులో ‘కె’ పదో వరస, సీట్లు 36. ‘ఐ’ ఉంటే పదకొండోది, సీట్లు 38. రెండక్షరాలూ వదిలేస్తే మిగిలేవి 24 కాబట్టి ‘జెడ్’ 24వ వరస అవుతుంది, మన 25వ వరసకు ‘ఎఎ’ లాంటి జంట పేరు పెట్టాలి. లెక్క మొదలుపెట్టే ముందు సీట్ల పటంలో ‘హెచ్’ తర్వాత ఏముందో ఒకసారి చూసుకోండి.

సీట్లకు 1 నుంచి 1050 దాకా వరసగా నంబర్లు వేశారు. 500వ సీటు ఏ వరసలో ఉంటుంది?

వరసల మొత్తాలను ఒక్కొక్కటిగా చూస్తూ 500 ఎక్కడ దాటుతుందో పట్టుకోవాలి. 15 వరసలకు 15 × 32 = 480. 16 వరసలకు 16 × 33 = 528. కాబట్టి 500వ సీటు 16వ వరసలో ఉంది. 480 ముందే అయిపోయాయి కాబట్టి ఆ వరసలో అది 20వ సీటు. 16వ వరసలో మొత్తం 48 సీట్లు, కాబట్టి మధ్యకు కాస్త ఇటువైపు.

వందల టికెట్లకు ఇలా చేయాల్సి వస్తే ఈ చిన్న పైథాన్ ముక్క చాలు:

```python
from math import isqrt

a = 18

def total(n):
    return n * (a + n - 1)

def find_row(s):
    b = a - 1
    n = (isqrt(b*b + 4*s) - b) // 2
    if total(n) < s:
        n += 1
    return n, s - total(n - 1)
```

`find_row(500)` అని అడిగితే `(16, 20)` ఇస్తుంది. మామూలు వర్గమూలం బదులు `isqrt` వాడటానికి కారణం ఉంది. అది పూర్ణాంకాలతోనే పనిచేస్తుంది కాబట్టి దశాంశాల సవరణ బెడద ఉండదు. ఇలాంటి లెక్క తప్పేది ఎప్పుడూ అంచుల్లోనే. అందుకే 480, 481 రెండింటినీ పరీక్షించండి. మొదటిదానికి `(15, 46)`, అంటే 15వ వరసలో ఆఖరి సీటు రావాలి. రెండోదానికి `(16, 1)` రావాలి. ఈ రెండూ సరిగ్గా వస్తే మధ్యలో ఉన్నవాటి గురించి దిగులు అక్కర్లేదు.

నిజం హాళ్లలో సరిగ్గా రెండేసే పెరుగుతాయా?

కొలతలు కలిసొస్తే పెరుగుతాయి. వరసలు ఒకే కేంద్రం చుట్టూ వంపు తిరిగి, విసనకర్రలా విచ్చుకున్న హాలును తీసుకోండి. ఒక వరస నుంచి వెనక వరసకు వెళ్తే వంపు పొడవు ఎంత పెరుగుతుందంటే, విచ్చుకున్న కోణాన్ని రేడియన్లలో తీసుకుని వరసల మధ్య దూరంతో గుణించినంత. ముందు వరసైనా వెనక వరసైనా ఈ పెరుగుదల ఒక్కటే, అందుకే అంకశ్రేఢి వస్తుంది.

కోణం 60 డిగ్రీలు అనుకుందాం, అంటే సుమారు 1.047 రేడియన్లు. వరసల మధ్య దూరం 1.05 మీటర్లైతే వంపు ప్రతిసారీ 1.10 మీటర్లు పెరుగుతుంది. సీటు వెడల్పు 55 సెంటీమీటర్లైతే అందులో సరిగ్గా రెండు సీట్లు పడతాయి.

ఇప్పుడు వరసల మధ్య దూరాన్ని 90 సెంటీమీటర్లకు తగ్గించండి. పెరుగుదల 94 సెంటీమీటర్లే, అంటే సీటు వెడల్పుకు సుమారు 1.7 రెట్లు. ముక్క సీటు వేయలేం కాబట్టి కొన్ని వరసల్లో రెండు, కొన్నింటిలో ఒకటి పెరుగుతాయి. 25వ వరసకు వచ్చేసరికి 66 బదులు 59 దగ్గర ఆగుతుంది. మొత్తంలో వందకు దగ్గరగా సీట్లు తగ్గుతాయి. అలాంటి హాలుకు మన సూత్రం వాడితే లేని సీట్లకు టికెట్లు అమ్మినట్టే.

వరసలు వంపు లేకుండా తిన్నగా ఉంటే మరో చిక్కు. రెండు చివర్లా ఒక్కో సీటు చేర్చినప్పుడు మధ్య సీట్లు ఒకదాని వెనక ఒకటి నిట్టనిలువుగా పడతాయి, ముందువాళ్ల తల అడ్డం వస్తుంది. అందుకే తిన్నటి వరసల్లో వెనక వరసను అర సీటు పక్కకు జరుపుతారు. అప్పుడు వరసకు ఒకటి చొప్పున పెరగడమో, ఒక వరసకు పెరిగి తర్వాతి వరసకు తగ్గడమో జరుగుతుంది.

కాబట్టి హాలు ప్లాను చేతికొస్తే మొదటి రెండు వరసలు చూసి ఆగిపోకండి. ముందు ఒక జత, మధ్యలో ఒక జత, వెనక ఒక జత వరసలు లెక్కపెట్టండి. మూడు చోట్లా తేడా రెండే ఉండి, చివరి వరస కూడా 18 + 2(n − 1)కి సరిపోతే సూత్రం వాడుకోవచ్చు. ఎక్కడైనా ఒకటి, మూడు కనిపిస్తే మాత్రం వరస వరసా లెక్కపెట్టుకోవాల్సిందే.